పెరిగే అవకాశం తెలియకుండానే ఆప్షన్ ధర

ఒక షేరు పెరగడానికి నూటికి ఎంత అవకాశం ఉందో తెలియకపోయినా, దాని మీద రాసే కాల్ ఆప్షన్‌కు సరైన ధర కట్టవచ్చు. మొదటిసారి విన్నవాళ్లెవరికైనా ఈ మాట నమ్మబుద్ధి కాదు. జాన్ కాక్స్, స్టీఫెన్ రాస్, మార్క్ రూబిన్‌స్టీన్ 1979లో రాసిన పరిశోధన పత్రం దీన్ని కూడికలు, తీసివేతలతోనే చూపించింది. అంతకు ఆరేళ్ల ముందు, 1973లో వచ్చిన బ్లాక్–షోల్స్ సూత్రానికి పెద్ద గణితం కావాలి. ఈ పద్ధతికి అది అక్కర్లేదు.

ఇప్పుడు 500 రూపాయలున్న షేరును తీసుకుందాం. మూడు నెలల తర్వాత అది 600 అవుతుంది, లేదా 450కి పడిపోతుంది. మూడో దారి లేదనుకుందాం. బైనామియల్ అనే పేరు ఈ రెండు దారుల వల్లనే వచ్చింది. అప్పు తెచ్చినా, డిపాజిట్ చేసినా మూడు నెలలకు వడ్డీ 2 శాతం. ఈలోగా డివిడెండ్ ఏమీ రాదు. స్ట్రైక్ ధర 525గా ఒక కాల్ ఆప్షన్ ఉంది. అంటే గడువు రోజున ఆ షేరును 525కి కొనే హక్కు. షేరు 600 అయితే ఈ హక్కు విలువ 75 రూపాయలు, 450 అయితే సున్నా. ఈరోజు దీనికి ఎంత ప్రీమియం ఇవ్వాలి?

ఆప్షన్‌ను కాసేపు పక్కన పెట్టి షేరును, అప్పును చూద్దాం. 441 రూపాయల 18 పైసలు అప్పు తెచ్చి, మిగతా 58 రూపాయల 82 పైసలు మన జేబులోంచి వేసి ఒక షేరు కొందాం. మూడు నెలలకు ఆ అప్పు వడ్డీతో కలిపి 450 అవుతుంది. షేరు 600కి చేరితే అప్పు తీర్చగా 150 మిగులుతుంది. 450కి పడితే షేరు అమ్మిన డబ్బు అప్పుకే సరిపోతుంది, చేతికి ఏమీ రాదు. రెండు కాల్ ఆప్షన్లు కొన్నవాడికి దక్కేదీ సరిగ్గా ఇదే: 150 లేదా సున్నా. కాబట్టి రెండింటి ధర 58.82, ఒక్కోదానికి 29.41.

ఈ షేరు, అప్పుల జతనే రెప్లికేటింగ్ పోర్ట్‌ఫోలియో అంటారు. ఒక్క ఆప్షన్‌కు ఎన్ని షేర్లు కావాలో తేల్చడం సులువే. ఆప్షన్ రెండు విలువల మధ్య తేడా 75, షేరు రెండు ధరల మధ్య తేడా 150. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే అర షేరు వస్తుంది. వ్యాపారులు డెల్టా అనేది దీన్నే.

బజారులో ఆ కాల్ 35కి అమ్ముడవుతోందనుకోండి. తెలిసినవాడు రెండు కాల్స్ అమ్మి 70 తీసుకుంటాడు. అందులో 58.82 పెట్టి, పైన చెప్పిన అప్పుతో షేరు కొంటాడు. షేరు ఎటు పోయినా గడువు రోజున ఇవ్వాల్సినదీ చేతిలో ఉన్నదీ సరిపోతాయి. మిగిలిన 11 రూపాయల 18 పైసలు మాత్రం మొదటి రోజే అతనివైపోయాయి. ఈ ఆర్బిట్రేజ్ కోసం అందరూ ఎగబడి అమ్ముతుంటే ధర 29.41 వైపు దిగివస్తుంది.

ఇంతసేపూ షేరు పెరిగే అవకాశం ఎంతని మనం ఒక్కసారి కూడా అడగలేదు. పెరిగే అవకాశం 70 శాతమని గట్టిగా నమ్మేవాడు సగటు లెక్క కట్టి, వడ్డీ తగ్గించుకుని, ఆప్షన్‌కు 51 రూపాయల పైచిలుకు ఇవ్వవచ్చంటాడు. అదే ఫలితాన్ని 29.41తో తయారు చేసుకోగలిగినప్పుడు 51 ఎందుకివ్వాలి? మదుపరుల ఆశలూ భయాలూ 500 అన్న షేరు ధరలోనే చేరిపోయాయి. వాటిని ఆప్షన్ దగ్గర మళ్లీ లెక్కపెట్టనవసరం లేదు.

అయినా లెక్క సౌకర్యం కోసం ఒక సంభావ్యతను వాడతారు. షేరు సగటున వడ్డీ రేటంతే పెరుగుతుందని, అంటే 500 కాస్తా 510 అవుతుందని అనుకుంటే, 600కి చేరే అవకాశం ఎంతుండాలి? 510 లోంచి 450 తీసేస్తే 60. దాన్ని 150తో భాగిస్తే 0.4. ఇదే రిస్క్ న్యూట్రల్ సంభావ్యత. 75లో 0.4 వంతు 30, దాన్ని 1.02తో భాగిస్తే మళ్లీ అదే 29.41. ఈ 40 శాతాన్ని షేరు భవిష్యత్తు గురించిన జోస్యంగా చదవడమే ఎక్కువమంది చేసే పొరపాటు. షేరు, అప్పులతో కట్టిన ధరను ఇంకో దారిలో రాబట్టే సాధనం మాత్రమే అది.

ఈ సంఖ్య సున్నా కన్నా తక్కువగానో ఒకటి కన్నా ఎక్కువగానో వస్తే అంచనాల్లోనే తప్పుందని గుర్తు. పడిపోయే ధరను 450 బదులు 520 అనుకుంటే ఇలాగే జరుగుతుంది. పడినా 520 ఇచ్చే షేరును 510 తీర్చాల్సిన అప్పుతో కొంటే నష్టమన్నదే ఉండదు. అలాంటి షేరు 500కి దొరకదు.

అసలు బలహీనత వేరే చోట ఉంది. షేరు మూడు నెలలకు 525 దగ్గరే నిలిచిందనుకోండి. రెండు కాల్స్ విలువ సున్నా, మన పోర్ట్‌ఫోలియోలో మాత్రం 75 మిగులుతుంది. జత తప్పింది. అందుకే నిజమైన లెక్కల్లో గడువును చిన్నచిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ ఈ రెండు దారుల లెక్కే వేస్తూ, డెల్టా మారినప్పుడల్లా షేర్ల సంఖ్య సవరిస్తారు. ముక్కలు పెరిగేకొద్దీ జవాబు బ్లాక్–షోల్స్ ధరకు చేరువవుతుంది. కానీ ప్రతి సవరణకూ బ్రోకరేజీ, పన్నులు పడతాయి. పైగా 600, 450 అన్న అంకెలు షేరు ఒడిదొడుకుల మీద మన అంచనా. అది తప్పితే ధరా తప్పుతుంది.

ఇదే షేరు మీద స్ట్రైక్ ధర 540 ఉన్న కాల్‌కు రెండు దారుల్లోనూ మీరే లెక్క కట్టి చూడండి. రెండుసార్లూ 23 రూపాయల 53 పైసలే రావాలి.