ఏడు నెలలు నిండాక ఎటు తిరిగి పడుకోవాలి?

పుట్టింటికి వచ్చిన అమ్మాయికి 32 వారాలు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చూసుకుంటే వెల్లకిలా ఉంది. గుండె గుభేలుమంది. పక్కనే పడుకున్న తల్లిని లేపి, “అమ్మా, వెల్లకిలా పడుకుండిపోయానే, బిడ్డకేమైనా అవుతుందా?” అని అడిగింది. బిడ్డ కదులుతూనే ఉన్నా ఆ తర్వాత తెల్లారేదాకా ఆమెకు కన్ను మూతపడలేదు. మర్నాటి నుంచి పడుకోవాలంటేనే భయం. ఇలాంటి కథ ఏ గర్భిణుల ఓపీలోనైనా వినిపిస్తుంది. ఎడమ పక్కకు పడుకోమనే సలహా మంచిదే. కానీ ఎందుకో చెప్పకుండా చెబితే అదే నిద్రను చెడగొడుతుంది.

కారణం వెన్నెముక దగ్గరుంది. కాళ్ళ నుంచి, నడుము కింది భాగం నుంచి రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే పెద్ద సిర వెన్నెముకకు కాస్త కుడివైపున పైకి వెళ్తుంది. నెలలు నిండే వేళకు బిడ్డ, ఉమ్మనీరు, మాయ, గర్భసంచి అన్నీ కలిపి ఐదు కిలోల దాకా ఉంటాయి. వెల్లకిలా పడుకుంటే ఆ బరువంతా సిర మీద పడుతుంది. తోటలో నీళ్ళ పైపు మీద కాలు వేసినట్టే. గుండెకు చేరే రక్తం తగ్గితే, గుండె బయటికి పంపేదీ తగ్గుతుంది. మాయకు వెళ్ళే రక్తం కూడా అందులోదే. కొందరికి వెల్లకిలా పడుకున్న కొద్ది నిమిషాలకే కళ్ళు తిరిగి, చెమటలు పట్టి, వికారంగా ఉంటుంది. పక్కకు తిరగగానే సర్దుకుంటుంది. చాలామందికి మాత్రం ఏ లక్షణమూ ఉండదు, ఎందుకంటే వెన్నెముక పక్కనుండే చిన్న సిరలు ఆ రక్తంలో కొంత దారి మళ్ళిస్తాయి. సిజేరియన్ చేసే థియేటర్లో తల్లి కుడి తుంటి కింద మెత్తటి దిమ్మె పెట్టి పొట్టను కొద్దిగా ఎడమకు వాల్చేది కూడా ఈ ఒత్తిడి తగ్గించడానికే.

సిర కుడివైపున ఉంది కాబట్టి ఎడమకు తిరిగితే బరువు దాని మీద నుంచి చాలావరకు తొలగుతుంది. ఎడమ పక్క అనే మాట వచ్చింది ఇక్కడి నుంచే. మరి కుడి పక్క? న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, బ్రిటన్, అమెరికాల్లో జరిగిన అధ్యయనాల సమాచారాన్ని ఒకచోట చేర్చి 2019లో విశ్లేషించారు. 28 వారాల తర్వాత వెల్లకిలా నిద్రకు ఉపక్రమించిన వారిలో కడుపులోనే బిడ్డ చనిపోయే ముప్పు, ఎడమ పక్కకు పడుకున్నవారితో పోలిస్తే సుమారు రెండున్నర రెట్లు కనిపించింది. కుడి పక్కకు పడుకున్న వారికీ ఎడమకు పడుకున్న వారికీ మాత్రం తేడా లేదు. అందుకే బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవలు 28 వారాల నుంచి ‘పక్కకు తిరిగి పడుకోండి’ అని మాత్రమే చెబుతాయి, ఏ పక్కకైనా సరే.

రెండున్నర రెట్లు అనగానే హడలిపోవద్దు. ఆ ముప్పు అసలే చిన్నది. చిన్నదానికి రెండున్నర రెట్లంటే అదీ చిన్నదే. పైగా ఆ అధ్యయనాల్లో చాలావరకు, బిడ్డను పోగొట్టుకున్న తల్లుల్ని తర్వాత అడిగి తెలుసుకున్నవే. అంత దుఃఖంలో జ్ఞాపకం ఎంత కచ్చితంగా ఉంటుందన్న సందేహం ఎప్పుడూ ఉంటుంది. అమెరికాలో తొలిచూలు తల్లుల్ని ముందునుంచే గమనించిన మరో పెద్ద అధ్యయనంలో, 30 వారాల వరకు పడుకునే తీరుకూ ఇలాంటి నష్టాలకూ సంబంధం కనబడలేదు. అయినా పక్కకు పడుకోవడానికి ఖర్చు లేదు, హాని లేదు. కాబట్టి ఆ సలహా పాటించడమే నయం.

ఆ సలహాలో గుర్తుంచుకోవలసింది ‘నిద్రకు ఉపక్రమించేటప్పుడు’ అన్న మాట. రాత్రిలో ఎక్కువ భాగం మనం పడుకున్న భంగిమలోనే గడుస్తుంది, అందుకే మొదలు ముఖ్యం. నిద్రలో వెల్లకిలా తిరిగితే తప్పేమీ కాదు. మెలకువ వస్తే పక్కకు తిరిగి మళ్ళీ పడుకోవడమే. ఆ అమ్మాయి రెండింటికి చేయాల్సిందల్లా అంతే.

మన ఇళ్ళలో ఇంకో మాట ఉంది: పక్క మారాలంటే లేచి కూర్చుని తిరగాలి, లేకపోతే బిడ్డ మెడకు పేగు చుట్టుకుంటుందని. ఉమ్మనీటిలో బిడ్డ తానే దొర్లడం వల్ల పేగు చుట్టుకుంటుంది. నలుగురైదుగురు పిల్లల్లో ఒకరికి కాన్పులో అలా కనిపిస్తుంది, ఎక్కువమందికి ఏమీ కాదు. తల్లి ఎలా తిరిగిందన్న దానికీ దీనికీ లంకె లేదు. ఈ భయంతో రాత్రికి పదిసార్లు లేచి కూర్చుంటే పోయేది నిద్రే. మోకాళ్ళు రెండూ దగ్గరగా మడిచి, భుజం, తుంటి కలిపి ఒక్కసారిగా తిరిగితే నడుము నొప్పి కూడా పట్టదు.

దిండ్ల కోసం ప్రత్యేకంగా కొనాల్సిన పని లేదు. మోకాళ్ళ మధ్య ఒక దిండు, అది చీలమండల దాకా ఉంటే మేలు. పొట్ట కింద పాత నూలు చీర మడత. వీపు వెనక ఇంకో దిండు గట్టిగా ఆనిస్తే, నిద్రలో వెనక్కి వాలినా పూర్తిగా వెల్లకిలా కారు. ఒక్క పక్కే పడుకుని తుంటి నొప్పి పెడితే కాసేపు కుడికి తిరగండి. గుండెల్లో మంట ఉన్నవారికి మాత్రం ఎడమే హాయి, ఎందుకంటే అప్పుడు జీర్ణాశయం అన్నవాహిక కన్నా కిందికి ఉంటుంది. రాత్రి తొమ్మిదిన్నరకు పప్పు, ఆవకాయతో అన్నం తిని పదింటికి మంచమెక్కితే ఏ పక్క తిరిగినా మంట తప్పదు. భోజనానికీ పడకకూ రెండు మూడు గంటల ఎడం ఉండాలి.

భంగిమ సరిగ్గానే ఉన్నా నిద్ర పట్టకపోవడానికి మూత్రం ఒక కారణం. నీళ్ళు మానొద్దు, పగలు బాగా తాగి, సాయంత్రం తర్వాత తగ్గించండి. రెండోది కాళ్ళు. పడుకోగానే కాళ్ళు లాగడం, కదిలిస్తే తప్ప తోచకపోవడం చాలామందికి ఉంటుంది. దీని వెనక తరచుగా ఐరన్ లోపం దాగి ఉంటుంది. ఐరన్ మాత్ర వేసుకున్నా, వెంటనే టీ తాగితే అది ఒంటికి పట్టదు. మాత్రకూ టీకీ గంటో రెండు గంటలో ఎడం ఉంచాలి. మందు వేసుకుంటున్నా కాళ్ళ లాగుడు తగ్గకపోతే డాక్టరుతో చెప్పి ఒంట్లో ఐరన్ నిల్వలు చూపించుకోవాలి. పిక్క పట్టేస్తే మాత్రం కాలు చాపి, వేళ్ళను మన వైపు లాక్కుంటే వదులుతుంది.

ఇవేవీ లేకుండానే కళ్ళు తెరుచుకుని పడుకుంటే, ఇరవై నిమిషాలు చూసి లేవండి. మసక వెలుతురులో కూర్చుని, ఫోన్ చూడకుండా, నిద్ర వచ్చాకే మంచమెక్కండి. రాత్రి ఎంత చెడినా పొద్దున్న లేచే వేళ మార్చొద్దు. మధ్యాహ్నం కునుకు అరగంట దాటనివ్వొద్దు. మంచం మీద మేలుకుని కొట్టుకునే అలవాటును విడగొట్టడమే దీని ఉద్దేశం. మాత్రల్లేని నిద్ర చికిత్సలో ఇది పాత పద్ధతే. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్ర కొనుక్కోవడం మాత్రం వద్దే వద్దు.

దురద వల్ల నిద్ర చెడితే మాత్రం ఇంట్లో సర్దుకోకండి. పొక్కులేమీ లేకుండా అరచేతులు, అరికాళ్ళు రాత్రిళ్ళు విపరీతంగా దురద పెడితే కాలేయంలో పిత్తరసం నిలిచిపోయే జబ్బు కావచ్చు. ఒంటికి కొబ్బరినూనె రాసుకుని వారం చూద్దామనుకోకుండా, మర్నాడే ఆస్పత్రికి వెళ్ళి రక్త పరీక్ష చేయించుకోవాలి. బిడ్డ కదలిక ఎప్పటికన్నా తగ్గినట్టు అనిపిస్తే తెల్లారేదాకా కూడా ఆగొద్దు, ఎంత రాత్రైనా బయల్దేరాలి.