పేటెంటు ఆయుష్షు ఎన్నేళ్లు?

మన దేశంలో పేటెంటు గడువు 20 ఏళ్లు. పేటెంటు చేతికొచ్చిన రోజు నుంచి కాదు, దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే ఆ గడువు లెక్క. పరిశీలనలు, అభ్యంతరాలు దాటుకుని పేటెంటు మంజూరయ్యేసరికే కొన్నేళ్లు కరిగిపోతాయి. అందుకే పేటెంటు కొనే కంపెనీ ముందు అడగాల్సింది, ఇంకా ఎన్నేళ్లు మిగిలాయని.

యంత్రం కొంటే ఏటా తరుగుదల రాస్తారని వ్యాపారం చేసే వాళ్లందరికీ తెలుసు. పేటెంటు, సాఫ్ట్‌వేర్ వంటి చేతితో తాకలేని ఆస్తులకూ ఇలాంటి లెక్కే ఉంది. దాన్ని అమోర్టైజేషన్ అంటారు. ఖర్చంతా కొన్న ఏడాదే లాభంలోంచి తీసేస్తే ఆ ఏడు నష్టం కనిపిస్తుంది. తర్వాతి ఏళ్లలో మాత్రం పేటెంటు ఖర్చు లేకుండానే లాభం తెచ్చిపెడుతున్నట్టు ఉంటుంది. అది సరికాదు గనుక, ఆస్తి పనికొచ్చినన్నాళ్లూ ఖర్చును పంచుతారు.

ఒక ఊహాజనితమైన మందుల కంపెనీని తీసుకుందాం. 2015 ఏప్రిల్‌లో దరఖాస్తు పెట్టిన ఒక పేటెంటును అది 2023 ఏప్రిల్‌లో 2.4 కోట్ల రూపాయలకు కొన్నది. చట్టప్రకారం 12 ఏళ్లు మిగిలి ఉన్నాయి. 12తో భాగిస్తే ఏటా 20 లక్షలు. అయితే ఆ మందు తయారీలో ఎనిమిదేళ్లలో మెరుగైన పద్ధతి వస్తుందని కంపెనీ సాంకేతిక బృందం అంచనా. అప్పుడు ఏటా 30 లక్షలు రాయాలి. చట్టం ఇచ్చిన గడువు, వ్యాపారంలో పనికొచ్చే కాలం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానినే తీసుకోవాలి. పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 38 ఇదే చెబుతుంది. చిన్న కంపెనీలకు వర్తించే ఏఎస్ 26 అయితే పదేళ్లు దాటకూడదన్న భావనతో మొదలవుతుంది, దాటించాలంటే గట్టి ఆధారం చూపాలి. గడువు ముగిశాక మిగిలే విలువను సాధారణంగా సున్నాగానే తీసుకుంటారు. పాత ఇనుముగా అమ్ముకోవడానికి పేటెంటు యంత్రం కాదు కదా.

ఏటా రాసే మొత్తం 20 లక్షలా, 30 లక్షలా అన్నది కంపెనీ చేసే అంచనా. నాకు ఇక్కడే ఈ విషయం ఆసక్తిగా అనిపిస్తుంది. ఆయుష్షు ఒక్క అంకె మారిస్తే లాభం పదిలక్షలు పెరుగుతుంది, రూపాయి అదనంగా రాకపోయినా. అందుకే ప్రతి ఏడాది చివరా ఆ అంచనాను తిరిగి చూడమని ప్రమాణం.

మన కంపెనీ మూడేళ్లు 30 లక్షల చొప్పున 90 లక్షలు రాసింది. 2026 మార్చి ఆఖరుకి పుస్తకాల్లో 1.5 కోట్లు మిగిలింది. ఇంతలో పోటీదారు చవకైన పద్ధతి తెచ్చాడు. పేటెంటు ఇంకా మూడేళ్లే పనికొస్తుందని తేలితే పాత లెక్కలు తిరగరాయరు. మిగిలిన 1.5 కోట్లను మూడేళ్లకు పంచి, ఇకపై ఏటా 50 లక్షలు రాస్తారు. మరీ దెబ్బ తగిలి, దాని నుంచి ఇక రాగలిగేది 90 లక్షలే అనుకోండి. అప్పుడు తేడా 60 లక్షలను ఆ ఏడాదే నష్టంగా చూపి, మిగతా 90 లక్షలను మూడేళ్లకు పంచాలి.

పన్ను లెక్క వేరు. అక్కడ ఆయుష్షు అంచనా వేయనక్కర్లేదు. పేటెంటుకు మిగిలిన విలువపై ఏటా 25 శాతం, కంప్యూటర్‌తో పాటు సాఫ్ట్‌వేర్‌కు 40 శాతం అని రేట్లున్నాయి. కాబట్టి ఒకే ఆస్తికి కంపెనీ పుస్తకాల్లో ఒక విలువ, పన్ను లెక్కలో మరో విలువ ఉంటే కంగారుపడనక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్ విషయంలో పొరపాట్లు మరోచోట. ఏటా చందా కట్టి క్లౌడ్‌లో వాడుకునేది సాధారణంగా ఆస్తి కాదు, ఆ ఏటి ఖర్చే. సిబ్బందికి ఇచ్చే శిక్షణ ఖర్చూ ఆస్తి విలువలో కలవదు. సొంతంగా తయారు చేయించుకుంటే, పరిశోధన దశలో పెట్టినది ఖర్చు. పూర్తి చేయగలమని, దానితో లాభం వస్తుందని, ఖర్చును సరిగ్గా లెక్కగట్టగలమని చూపగలిగిన దశ నుంచి పెట్టింది మాత్రమే ఆస్తి.

వాడకానికి సిద్ధమయ్యేదాకా అమోర్టైజేషన్ మొదలుకాదు. ఇదొక సందు. ఎప్పటికీ పూర్తికాని ప్రాజెక్టు ఖర్చు లాభాన్ని తాకకుండా అలాగే బ్యాలెన్స్ షీట్‌లో కూర్చుంటుంది. దాన్ని 'ఇంటాంజిబుల్ అసెట్స్ అండర్ డెవలప్‌మెంట్' అనే వరుసలో చూపుతారు. అవి ఎన్నేళ్లుగా నడుస్తున్నాయో పట్టికగా ఇవ్వాలని 2021లో నిబంధన పెట్టారు. ఏడాదిలోపు, ఒకటి రెండేళ్లు, రెండు మూడేళ్లు, మూడేళ్లకు మించి అని గళ్లుంటాయి. వార్షిక నివేదిక అందితే ఆఖరి గడిలో ఎంత పేరుకుందో చూడండి. అంకె పెద్దదైతే, ఆ ప్రాజెక్టు ఎప్పుడు పూర్తవుతుందని వాటాదారుల సమావేశంలో అడగొచ్చు.