కొరియా షాపుకు తెలుగులో మెయిల్

కొరియా ఆన్‌లైన్ షాపులో ఖాతా మూసేయాలంటే ముందు 회원탈퇴 అనే బటన్ వెతకండి. లాగిన్ కుదరకపోతే, రిజిస్టర్ చేసుకున్న అడ్రసు నుంచే మెయిల్ పెట్టండి. తెలుగు మెయిలైతే అవతలివాళ్లు అనువాద యంత్రంలో వేసుకుని చదవాలి, అందుకే పొట్టి వాక్యాలు రాయండి:

“నా ఖాతా రద్దు చేయండి. నా పేరు, ఫోన్ నంబరు, చిరునామా తొలగించండి. చట్టం కోసం ఉంచేవి ఏవో, ఎన్నాళ్లు ఉంచుతారో చెప్పండి.”

చివరి వాక్యాన్ని వదలొద్దు. అక్కడి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కింద తొలగింపు కోరితే 10 రోజుల్లో జవాబివ్వాలి. అయితే ఈ-కామర్స్ చట్టం వల్ల ఆర్డరు, చెల్లింపు రికార్డులను 5 ఏళ్లు, ఫిర్యాదుల రికార్డులను 3 ఏళ్లు షాపు దాచి తీరాలి. మీరు ఏదైనా కొని ఉంటే, “అంతా చెరిపేశాం” అనే జవాబును నమ్మకండి, మళ్లీ అడగండి.