రెండో మనిషి ఉద్యోగం ఎప్పుడు మొదలవుతుంది?

విదేశంలో ఉద్యోగం ఖాయమైందంటే ఇంట్లో అందరూ ముందు అడిగేది జీతం. తర్వాత ఊరు, అద్దె, పిల్లల బడి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తున్న ఇంట్లో మాత్రం ముందు తేలాల్సిన మాట ఇంకొకటుంది. ఆఫర్ ఒకరికి వచ్చింది సరే, వెంట వెళ్లే మనిషి అక్కడ ఏ రోజు నుంచి పని చేయవచ్చు? పెద్దవాళ్లు "ముందు వెళ్లండి, అక్కడికెళ్లాక ఏదో ఒకటి దొరుకుతుందిలే" అంటారు. కానీ ఉద్యోగం దొరకడం వేరు, దాన్ని చేసే హక్కు ఉండడం వేరు. ఆ హక్కు వెళ్లే మనిషి చదువును బట్టి రాదు, ఆఫర్ వచ్చిన మనిషి వీసాను బట్టి వస్తుంది.

అమెరికా సంగతి చూద్దాం. హైదరాబాద్‌లో ఒక జంట ఉందనుకుందాం. ఆమె ఒక బహుళజాతి కంపెనీలో డేటాబేస్ నిపుణురాలు. ఆయన స్ట్రక్చరల్ ఇంజనీరు, తొమ్మిదేళ్ల అనుభవం. పాప నాలుగో తరగతి. కోకాపేటలో ఫ్లాట్ ఉంది, ఇద్దరి జీతాలూ చూపించి తీసుకున్న లోనూ ఉంది. ఆమెను కంపెనీ డల్లాస్‌కు రమ్మంటోంది. పంపడానికి దారులు రెండు. హెచ్-1బి ఒకటి, ఒకే కంపెనీలో దేశం మారేవాళ్లకిచ్చే ఎల్-1 రెండోది.

హెచ్-1బి మీద వెళితే ఆయనకు వచ్చేది హెచ్-4. ఆ వీసా మీద దిగీ దిగగానే పని చేయడానికి లేదు. 2015 మేలో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం ఆమె గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 అనే దశ ఆమోదం పొందాక, లేదా ఆ ప్రక్రియ నడుస్తుండగా ఆమె హెచ్-1బి ఆరేళ్లు దాటి పొడిగింపు పొందాక ఆయన ఈఏడీ అనే పని అనుమతికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. గ్రీన్‌కార్డు ప్రక్రియ మొదలుపెట్టాల్సింది కంపెనీ. కొన్ని కంపెనీలు చేరిన ఏడాదికిగానీ ఆ ఊసెత్తవు. మొదలుపెట్టాక కూడా ఐ-140 దాకా రావడానికి రెండేళ్లకు అటూ ఇటూ పట్టడం ఇప్పుడు మామూలే. అంటే తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న ఇంజనీరు మూడేళ్లు ఇంట్లో కూర్చోవాల్సి రావచ్చు.

ఎల్-1 మీద వెళితే ఆయనకు ఎల్-2 వస్తుంది. 2021 నవంబరు నుంచి ఎల్-2 మీద ఉన్న జీవిత భాగస్వామికి విడిగా ఈఏడీ అక్కర్లేదు. దేశంలో అడుగుపెట్టినప్పుడు ఇచ్చే ఐ-94 రికార్డులో L-2S అని ఉంటే అదే పని అనుమతి. దిగిన వెంటనే దాన్ని తెరిచి ఆ అక్షరాలు ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఒట్టి L-2 అని పడితే కొత్త కంపెనీ చేర్చుకోవడానికి తటపటాయిస్తుంది, అది సరిచేయించేసరికి వారాలు పోతాయి.

అయితే ఎల్-1 ఉచితంగా రాదు. హెచ్-1బి ఉన్నవాళ్లు ఇంకో కంపెనీకి మారవచ్చు, ఎల్-1 ఉన్నవాళ్లు పంపిన సంస్థను వదిలి బయటి కంపెనీలో చేరలేరు. ప్రత్యేక నైపుణ్యం మీద ఇచ్చే ఎల్-1బి గరిష్ఠంగా అయిదేళ్లు, మేనేజర్లకిచ్చే ఎల్-1ఎ ఏడేళ్లు. ఆమె ఉద్యోగం పోతే ఆయన ఉద్యోగ హక్కూ దానితోపాటే పోతుంది. సాధారణంగా ఇద్దరికీ దొరికే గడువు అరవై రోజులకు మించదు. అసలు బేరం ఇక్కడే ఉంది. హెచ్-1బి ఆయన చేతులు కడుతుంది, ఎల్-1 ఆమె కాళ్లు కడుతుంది. ఎవరికి ఏ కట్టు ఎన్నాళ్లు అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. చాలా ఇళ్లలో అది కంపెనీ హెచ్ఆర్ తేల్చేస్తుంది, ఎందుకంటే వీళ్లు అడగరు.

అడిగితే ఏమవుతుందో చూద్దాం. ఆమె ఆఫర్‌కు ఒప్పుకునే ముందే మూడు విషయాలు మెయిల్‌లో రాయించుకుంటుంది. పంపేది ఏ వీసా మీద? గ్రీన్‌కార్డు ప్రక్రియ ఏ నెలలో మొదలుపెడతారు? భర్తకు ఉద్యోగం వెతకడంలో, లైసెన్సు ఖర్చులో సాయం చేస్తారా? జీతం పెంచమంటే ససేమిరా అనే కంపెనీలు కూడా ఈ మూడింటి దగ్గర కొంత దిగివస్తాయి. ఒప్పందం మీద సంతకం అయ్యాక అడిగితే మాత్రం వినేవాళ్లుండరు.

ఆయన వైపు పని వేరే ఉంది. అమెరికాలో డిజైన్ మీద సంతకం పెట్టాలంటే రాష్ట్రం ఇచ్చే ప్రొఫెషనల్ ఇంజనీర్ లైసెన్సు ఉండాలి. అది లేకపోయినా లైసెన్సున్న ఇంజనీరు కింద పని చేయవచ్చు. అందుకని ఆయన హైదరాబాద్‌లో ఉండగానే డిగ్రీ మదింపుకు కాగితాలు పంపుతాడు, పరీక్షకు చదవడం మొదలుపెడతాడు. ఆమె మార్చిలో వెళుతుంది. పాప పరీక్షలు ఏప్రిల్‌లో అయిపోతాయి, ఆయన జూన్‌లో బయల్దేరతాడు. తొంభై రోజుల నోటీసు ఇచ్చే తేదీని దాన్నిబట్టి వెనక్కి లెక్కపెట్టుకుంటాడు. ఆ మూడు నెలల జీతంతో లోను వాయిదాలు ఆగకుండా సాగుతాయి, డల్లాస్‌లో ఆమె అద్దె, అడ్వాన్సు, కారు సర్దుకుంటుంది. ఆయనకు పని దొరకడానికి మరో ఆరు నెలలు పడితే లోను ఎలా కట్టాలో ఆ డబ్బు ముందే పక్కన పెడతారు.

హెచ్-4 మీద వెళ్లినవాళ్లు కొందరు పాత ఇండియా కంపెనీకే ఇంట్లో కూర్చుని పని చేస్తుంటారు. జీతం ఇక్కడి ఖాతాలో పడుతోంది కదా అని వాళ్ల ధీమా. మనిషి అమెరికాలో కూర్చుని చేస్తున్నాడు కాబట్టి అది అనుమతి లేని పనిగా లెక్కకు రావచ్చు, తర్వాత గ్రీన్‌కార్డు దశలో మెడకు చుట్టుకోవచ్చు. ఈఏడీ ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. 2025 అక్టోబరు 30 నుంచి రెన్యువల్‌కు పెట్టినవాళ్లకు పాత కార్డు తనంతట తాను పొడిగే సౌకర్యం ఎత్తేశారు. కొత్త కార్డు ఆలస్యమైతే ఉద్యోగం మధ్యలో ఆపాల్సిందే.

మిగతా దేశాల లెక్కలు ఇంకోలా ఉంటాయి. జర్మనీలో బ్లూ కార్డు ఉన్నవాళ్ల భార్య లేదా భర్త మొదటి రోజు నుంచే ఏ పనైనా చేయవచ్చు. అడ్డుపడేది చట్టం కాదు, భాష. ఇంజనీరింగ్ సంస్థల్లో చాలావాటి పని జర్మన్‌లోనే నడుస్తుంది. సింగపూర్‌లో 2021 మే 1 నుంచి డిపెండెంట్ పాస్ మీద ఉద్యోగం చేయడం కుదరదు. రెండో మనిషికి కూడా తన కంపెనీ విడిగా వర్క్ పాస్ తీసుకోవాలి. జీతం పెద్దదని సింగపూర్‌ను ఎంచుకునే జంట, తక్కువనిపించే జర్మనీ ఆఫర్‌తో పోల్చేటప్పుడు రెండో జీతం ఎప్పుడు మొదలవుతుందో కూడా కలుపుకోవాలి. అప్పుడు వరుస తారుమారు కావచ్చు.

కుటుంబ వలసల మీద ఆర్థికవేత్త జేకబ్ మిన్సర్ 1978లో రాసిన వ్యాసంలో ఈ లెక్కే ఉంది. ఇంటికి మొత్తంగా లాభమైతే, తనకు నష్టమైనా రెండో మనిషి కదులుతాడు. ఆ నష్టం ఎప్పుడూ ఒకరి ఖాతాలోనే పడుతుంటే అయిదేళ్లకు ఆ మనిషి ఉద్యోగం బాగా వెనకబడిపోతుంది. మన జంటకు ఎల్-1బి అయిదేళ్ల గడువే గుర్తుగా పనికొస్తుంది. ఆయన రెండో ఏడు నుంచే ఏటా మార్చిలో తన కంపెనీ ద్వారా హెచ్-1బి లాటరీలో పేరు వేయించుకోవాలి. ఆయన వీసా నిలబడ్డాక ఆమె హెచ్-4కు మారి పని ఆపాల్సిన పరిస్థితి రాకుండా, ఆయన గ్రీన్‌కార్డు ప్రక్రియ అప్పటికే ఐ-140 ఆమోదం దాకా కదిలి ఉండాలి. తర్వాతి మార్పు ఎవరి ఉద్యోగాన్ని బట్టి ఉంటుందో బయల్దేరే ముందే ఒప్పుకుని, ఏ ఏడాదికల్లానో కాగితం మీద రాసుకోవడం మంచిది. ఏడాది రాయని మాటను కొత్త ఆఫర్ రాగానే ఇద్దరూ సులువుగా మరిచిపోతారు.