వారంటీ ఏర్పాటు: అమ్మకం నాటి నమోదు, మరమ్మతు నాటి వినియోగం

ఉపోద్ఘాతం

వస్తువును వారంటీతో అమ్మిన సంస్థకు ఆ అమ్మకంతోనే ఒక బాధ్యత ఏర్పడుతుంది. మరమ్మతు ఏడాది తర్వాత జరగవచ్చు, అసలు జరగకపోవచ్చు. అయినా దాని వ్యయం అమ్మకపు ఆదాయం వచ్చిన సంవత్సరానికే చెందుతుంది. అందుకే అమ్మిన సంవత్సరంలోనే అంచనా మొత్తాన్ని ఖర్చుగా చూపి, అంతే మొత్తాన్ని అప్పుల వైపు ‘ఏర్పాటు’గా నిలుపుతారు. ఈ మొదటి పద్దు విద్యార్థులకు సులభంగానే అర్థమవుతుంది. పొరపాట్లు ఎక్కువగా జరిగేది రెండవ పద్దులో, అంటే మరమ్మతు జరిగిన రోజున. ఈ వ్యాసం ఆ రెండు పద్దుల సంబంధాన్ని ఒక ఉదాహరణతో వివరిస్తుంది.

బాధ్యత ఎప్పుడు పుడుతుంది?

భారతీయ అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 37 ఏర్పాటుకు మూడు షరతులు విధించింది. గత సంఘటన వల్ల ప్రస్తుత బాధ్యత ఉండాలి. దానిని తీర్చడానికి వనరులు వెచ్చించవలసి రావడం సంభావ్యమై ఉండాలి. ఆ మొత్తాన్ని విశ్వసనీయంగా అంచనా వేయగలగాలి. వారంటీ విషయంలో గత సంఘటన అమ్మకమే గాని, వస్తువు చెడిపోవడం కాదు.

రోటోర్క్ కంట్రోల్స్ ఇండియా కేసులో వివాదం ఇదే. వారంటీ ఏర్పాటు కేవలం ఆగంతుక బాధ్యత అని ఆదాయపు పన్ను శాఖ వాదించింది. గత అనుభవం ఆధారంగా శాస్త్రీయంగా లెక్కించిన ఏర్పాటును ఆదాయపు పన్ను చట్టం, 1961లోని 37వ సెక్షను కింద ఖర్చుగా అనుమతించవచ్చని సుప్రీంకోర్టు 2009లో తీర్పు చెప్పింది. అంటే గత అనుభవపు లెక్క లేకుండా ఉజ్జాయింపుగా వేసిన మొత్తానికి ఈ రక్షణ వర్తించదు.

అమ్మకం నాటి పద్దు

ఒక సంస్థ 2022 ఏప్రిల్–జూన్ నెలల్లో 2,000 వ్యవసాయ పంపుసెట్లను రెండేళ్ల వారంటీతో అమ్మిందనుకుందాం. గత అనుభవం ప్రకారం 90 శాతం పంపుసెట్లకు ఏ లోపమూ రాదు. 8 శాతానికి చిన్న మరమ్మతు అవసరమై ఒక్కొక్కదానికి రూ.500, 2 శాతానికి వైండింగ్ కాలి రూ.4,000 ఖర్చవుతుంది. అప్పుడు చిన్న మరమ్మతులకు 160 × 500 = రూ.80,000, పెద్దవాటికి 40 × 4,000 = రూ.1,60,000, మొత్తం రూ.2,40,000 అవుతుంది.

వారంటీ ఖర్చు ఖాతా డె. 2,40,000
  వారంటీ ఏర్పాటు ఖాతాకు 2,40,000

మరమ్మతు నాటి పద్దు

2022–23లోనే కొన్ని పంపుసెట్లు మరమ్మతుకు వచ్చాయి. వాటికి రూ.45,000 విలువైన విడిభాగాలు వాడి, రూ.25,000 కూలి చెల్లించారు.

వారంటీ ఏర్పాటు ఖాతా డె. 70,000
  విడిభాగాల సరుకు ఖాతాకు 45,000
  బ్యాంకు ఖాతాకు 25,000

ఈ పద్దు లాభనష్టాల ఖాతాను తాకదు. ఖర్చు అమ్మకం నాడే నమోదైంది; ఇప్పుడు తీరుతున్నది బాధ్యత మాత్రమే. 2023 మార్చి 31న ఏర్పాటులో రూ.1,70,000 మిగులుతుంది.

ఇదే రూ.70,000ను గుమాస్తా అలవాటుగా ‘మరమ్మతుల ఖర్చు’కు డెబిట్ చేస్తే, ఆ సంవత్సరపు ఖర్చు రూ.3,10,000 అవుతుంది. లాభం రూ.70,000 తగ్గుతుంది, అప్పు అంతే మేరకు ఎక్కువగా కనిపిస్తుంది. డెబిట్, క్రెడిట్ మొత్తాలు సమానమే కాబట్టి అంకణా ఈ తప్పును పట్టివ్వదు. ఆవర్జాలో ఏర్పాటు ఖాతా డెబిట్ వైపు ఖాళీగా ఉండటం, అమ్మకాలు పెరగకపోయినా నిల్వ ఏటేటా పెరగడం దీని గుర్తులు. వర్క్‌షాపులోని వారంటీ మరమ్మతు రికార్డులను ఆ ఖాతా డెబిట్లతో సరిపోల్చితే తప్పు బయటపడుతుంది.

సంవత్సరాంత సమీక్ష

2023–24లో మరమ్మతులకు రూ.1,45,000 వినియోగించగా ఏర్పాటులో రూ.25,000 మిగిలింది. వారంటీ ఇంకా ఉన్న పంపుసెట్లకు రూ.10,000 చాలునని 2024 మార్చి 31న తేలితే, రూ.15,000ను వెనక్కి తీసుకోవాలి.

వారంటీ ఏర్పాటు ఖాతా డె. 15,000
  వారంటీ ఖర్చు ఖాతాకు 15,000

ఒకవేళ అంచనా చాలకపోతే, అదనపు మొత్తాన్ని ఆ సంవత్సరపు ఖర్చుగానే చూపాలి. అందుబాటులో ఉన్న సమాచారంతో నాడు సరిగానే అంచనా వేసి ఉంటే, అది అంచనాలో మార్పు మాత్రమే. పాత సంవత్సరపు లెక్కలను తిరగదోడకూడదు.

మిగిలిన రూ.15,000ను ప్రకటనలకో, వేరే వస్తువు మరమ్మతుకో వాడుకోవడానికి మాత్రం వీల్లేదు. ఏర్పాటును ఏ వ్యయం కోసం నెలకొల్పారో దానికే వినియోగించాలని ఇండ్ ఏఎస్ 37 స్పష్టం చేస్తోంది. అలా వాడితే వేర్వేరు సంఘటనల ప్రభావం ఒకదాని చాటున మరొకటి మరుగునపడుతుంది.

ముగింపు

తెలుగు వాణిజ్యశాస్త్ర బోధనలో ‘సంశయాత్మక బాకీల నిధి’ వంటి వాడుక వల్ల ఏర్పాటు అంటే పక్కన దాచిన డబ్బు అనే భావన విద్యార్థిలో కలగవచ్చు. వారంటీ ఏర్పాటు వెనుక డబ్బేమీ విడిగా ఉండదు. అది కొనుగోలుదారుకు సంస్థ ఇంకా తీర్చవలసిన బాధ్యత కొలత. ఈ తేడా గ్రహించిన విద్యార్థి మరమ్మతు నాడు ఏ ఖాతాను డెబిట్ చేయాలో వేరే సూత్రం గుర్తుపెట్టుకోనక్కరలేదు. తీరుతున్నది అప్పు కాబట్టి, అప్పు ఖాతానే డెబిట్ చేస్తాడు.