ముప్పై రెండు బిట్లలో గీత ఎక్కడ?

విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ipconfig అని కొడితే, వచ్చే సమాచారంలో ఇలాంటి మూడు వరసలు ఉంటాయి.

```
IPv4 Address. . . . : 192.168.10.77
Subnet Mask . . . . : 255.255.255.192
Default Gateway . . : 192.168.10.65
```

మొదటిది ఈ కంప్యూటర్ చిరునామా. మూడోది బయటికి దారి చూపే రూటర్‌ది. కొత్తగా నేర్చుకునేవాళ్లు తికమకపడేది మధ్య వరస దగ్గర. చూడ్డానికి అదీ చిరునామాలాగే ఉంటుంది కానీ, ఎవరి చిరునామా కాదు. 1981లో ఐపీ నియమాలు రాసినప్పుడు అలాంటిది లేనే లేదు.

ఐపీ చిరునామా అంటే 32 బిట్లు, అంటే 32 సున్నాలూ ఒకట్లూ. మనం చదువుకోవడానికి వీలుగా ఎనిమిదేసి బిట్లను ఒక సంఖ్యగా మార్చి, మధ్యలో చుక్కలు పెడతారు. ముందు భాగం ఏ నెట్‌వర్కో చెబుతుంది, మిగిలిన భాగం ఆ నెట్‌వర్కులో ఏ యంత్రమో చెబుతుంది. ఆ యంత్రాన్నే హోస్ట్ అంటారు. మన ల్యాండ్‌లైన్ నంబర్లు కూడా ఇలాంటివే. హైదరాబాద్ కోడ్ 40, ఆ తర్వాత ఎనిమిది అంకెలు. విశాఖకు 891, తర్వాత ఏడు. తెనాలికి 8644, తర్వాత ఆరు. ఎక్కడైనా మొత్తం పదే. కోడ్ చిన్నదైతే లోపల ఎక్కువ ఫోన్లు పడతాయి.

తొలి నియమాల్లోనూ అదే పద్ధతి. చిరునామాలో మొదటి బిట్ 0 అయితే అది క్లాస్ ఏ: నెట్‌వర్కుకు 8 బిట్లు, హోస్టుకు 24. మొదలు 10 అయితే క్లాస్ బీ: చెరి 16. మొదలు 110 అయితే క్లాస్ సీ: నెట్‌వర్కుకు 24, హోస్టుకు 8. ఈ రెండు భాగాల మధ్య గీత ఎక్కడుందో చిరునామాయే చెప్పేది కాబట్టి వేరే ఏదీ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు.

ఈ ఏర్పాటుకు ఇబ్బంది విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. స్టాన్‌ఫర్డ్‌కు 36 అనే క్లాస్ ఏ నంబరు ఉండేది. లోపల కోటీ అరవై లక్షలకు పైగా చిరునామాలకు చోటుంది. కానీ క్యాంపస్‌లో ఉన్నది ఒక్క కేబుల్ కాదు. భవనానికొకటి చొప్పున ఈథర్‌నెట్‌లు పుట్టుకొస్తున్నాయి. ఒక్కో కేబుల్‌కూ కొత్త నెట్‌వర్క్ నంబరు తెచ్చుకుంటూ పోతే, ప్రపంచంలోని రూటర్లన్నీ ఆ క్యాంపస్‌లోని ప్రతి కేబుల్‌నూ తమ పట్టికల్లో రాసుకోవాలి. బయటివాళ్లకు అంత వివరం ఎందుకు?

స్టాన్‌ఫర్డ్ కంప్యూటర్ సైన్స్ విభాగం నుంచి జెఫ్రీ మోగల్ 1984 అక్టోబరులో ఒక ప్రతిపాదన రాశారు. బయటివాళ్లకు సంస్థ ఒకే నెట్‌వర్కుగా కనిపించాలి. లోపల మాత్రం హోస్ట్ భాగంలోంచి కొన్ని బిట్లు తీసుకుని, ఏ కేబులో చెప్పడానికి వాడుకోవాలి. మరుసటి ఏడాది ఆగస్టులో మోగల్, జాన్ పోస్టెల్ కలిసి దీన్ని ప్రామాణిక పద్ధతిగా రాశారు. అదే ఆర్ఎఫ్‌సీ 950.

దీంతో ఇంకో చిక్కు వచ్చింది. ఎన్ని బిట్లు తీసుకోవాలన్నది ఒక్కో సంస్థ ఇష్టం. కాబట్టి ఇక చిరునామాను చూసి గీత ఎక్కడుందో చెప్పలేం. ఆ సంగతి ప్రతి యంత్రానికీ విడిగా చెప్పాలి. అలా చెప్పడానికి ఇచ్చే మరో 32 బిట్ల సంఖ్యే సబ్‌నెట్ మాస్క్. అందులో 1 ఉన్నచోట చిరునామా బిట్ నెట్‌వర్కుది, 0 ఉన్నచోట హోస్టుది. ఆర్ఎఫ్‌సీ 950 ప్రకారం ఆ ఒకట్లు పక్కపక్కనే ఉండాలన్న నిర్బంధం కూడా లేదు, ఉంటే మంచిదని సలహా మాత్రమే ఇచ్చారు. ఆ స్వేచ్ఛ అలాగే కొనసాగివుంటే ఇవాళ నేర్చుకునేవాళ్ల గతి ఏమయ్యేదో! ఇప్పుడు ఒకట్లన్నీ ముందు, సున్నాలన్నీ వెనక ఉండాల్సిందే. అందుకే మాస్కులో 0, 128, 192, 224, 240, 248, 252, 254, 255 తప్ప మరో సంఖ్య కనిపించదు.

ఇప్పుడు మన మూడు వరసల దగ్గరికి వద్దాం. 255 అంటే ఎనిమిదీ ఒకట్లే, కాబట్టి 192.168.10 మొత్తం నెట్‌వర్కుదే. లెక్క చేయాల్సింది చివరి సంఖ్యకే.

```
 77   01001101
192   11000000
 64   01000000
```

పైనా కిందా రెండూ 1 అయితేనే ఫలితం 1. దీన్నే ఆండ్ లెక్క అంటారు. జవాబు 64, అంటే ఈ కంప్యూటర్ ఉన్న నెట్‌వర్క్ 192.168.10.64. మాస్కులో మిగిలిన ఆరు సున్నాల వల్ల 64 చిరునామాలు వస్తాయి, 64 నుంచి 127 దాకా. మొదటిది నెట్‌వర్క్ పేరుకు, చివరిది అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్‌కు పోతాయి. యంత్రాలకు మిగిలేవి 62.

ఈ లెక్క కంప్యూటర్‌కు ఎందుకంటే, ప్యాకెట్‌ను నేరుగా అందించాలా, రూటర్‌కు ఇవ్వాలా అని తేల్చుకోవడానికి. 192.168.10.100కు పంపాలనుకోండి. 100ను 192తో ఆండ్ చేస్తే 64. తనదే నెట్‌వర్క్, నేరుగా ఇవ్వచ్చు. 192.168.10.140 అయితే 128 వస్తుంది. అది వేరే నెట్‌వర్క్, ప్యాకెట్ రూటర్‌కు పోవాలి. చాలా పాఠాలు వదిలేసే సంగతి ఒకటుంది. మాస్క్ ప్యాకెట్‌తో పాటు ప్రయాణించదు. అవతలి యంత్రం మాస్క్ ఏమిటో పంపేదానికి తెలియదు. రెండు చిరునామాలనూ తన మాస్కుతోనే కొలుస్తుంది.

అందుకే మాస్క్ తప్పు పడితే వచ్చే జబ్బు విచిత్రంగా ఉంటుంది. మన కంప్యూటర్‌లో ఎవరో అలవాటుకొద్దీ 255.255.255.0 అని కొట్టారనుకుందాం. 140 దగ్గర ఒక ప్రింటర్ ఉంది. ఈ మాస్కుతో 77, 140 రెండూ 192.168.10.0లోనే ఉన్నట్టు తేలుతుంది. కంప్యూటర్ రూటర్‌ను అడగకుండా, ‘140 ఎవరు?’ అని తన కేబుల్ మీదే కేక వేస్తుంది. ఆ కేకను ఏఆర్‌పీ అంటారు. రూటర్ దాన్ని అవతలికి దాటించదు కాబట్టి జవాబు రాదు. ping కొడితే విండోస్ ఇలా అంటుంది.

```
Reply from 192.168.10.77: Destination host unreachable.
```

ఆ జవాబిచ్చిన చిరునామా చూడండి, మనదే. ప్యాకెట్ ఇల్లు దాటలేదన్నమాట. మరోవైపు ఇంటర్నెట్ హాయిగా పనిచేస్తూనే ఉంటుంది, ఎందుకంటే రూటర్ 65 రెండు మాస్కుల ప్రకారమూ లోపలే ఉంది. దాంతో నింద ప్రింటర్ మీద పడుతుంది. కొన్ని రూటర్లలో ప్రాక్సీ ఏఆర్‌పీ అనే సదుపాయం ఆన్‌లో ఉంటుంది. అవి ఆ కేక విని ‘నేనే’ అని జవాబిచ్చి పని జరిపించేస్తాయి. తప్పు మాస్క్ ఏళ్లతరబడి దాగి, ఆ రూటర్‌ను మార్చిన రోజున బయటపడుతుంది.

సంస్థ గోడల లోపల పుట్టిన ఈ మాస్క్ 1993లో బయటికొచ్చింది. క్లాస్ బీ నంబర్లు కరిగిపోతున్నాయి, రూటర్ల పట్టికలు ఉబ్బిపోతున్నాయి. ఆ ఏడాది సెప్టెంబరులో వచ్చిన సీఐడీఆర్ నియమాలు క్లాసులను పక్కనపెట్టాయి. ఇక రూటర్లు ఒకదానికొకటి నెట్‌వర్కులను పరిచయం చేసేటప్పుడు గీత ఎక్కడుందో కూడా చెప్పుకోవాలి. అలా 255.255.255.192కు బదులు, అందులోని ఒకట్లను లెక్కపెట్టి /26 అని రాయడం వాడుకైంది. ఐపీవీ6లో చుక్కల మాస్క్ లేనే లేదు, గీటు పక్కన సంఖ్య ఒక్కటే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫైకి చిరునామా మనమే ఇవ్వాలనుకుంటే, Network prefix length అన్న గడి అడిగేది ఆ సంఖ్యనే. మన ఉదాహరణలోని నెట్‌వర్కులో అయితే అక్కడ 26 కొట్టాలి.