గారపళ్లు: బోరు నీళ్ల లెక్క, పేస్టు లెక్క

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు ఒక తరం వాళ్లు నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు కనిపిస్తాయి. వాళ్లు పళ్లు తోముకోలేదని కాదు. చిన్నప్పుడు తాగిన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మన దేశంలో ఈ జబ్బు మొదట బయటపడింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఆ ఊళ్లు ఇప్పుడు ప్రకాశం వైపు ఉన్నాయి. పుచ్చు రాకుండా పేస్టులో కలిపేదీ ఈ ఫ్లోరైడే కాబట్టి చాలామంది తల్లిదండ్రులు తికమక పడతారు.

పేస్టులోని ఫ్లోరైడ్ పంటి పైపొరకు తగిలి, ఆమ్లం తినేసిన చోట ఖనిజాన్ని తిరిగి పట్టిస్తుంది. అది నోట్లో ఉండి చేసే మేలు. గార మాత్రం మింగిన ఫ్లోరైడ్ వల్ల వస్తుంది. శాశ్వత దంతాల ఎనామిల్ చిగురు లోపల తయారవుతున్నప్పుడు రక్తంలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ పొర సరిగా గట్టిపడదు. ముందు పళ్లకు పుట్టిన రెండో, మూడో ఏళ్లు ముఖ్యమైనవి. ఆ తప్పు బయటపడేది ఆరేడేళ్లకు, కొత్త పళ్లు మొలిచాకే. అప్పుడు ఎంత తోమినా పోదు.

మరి ఎంత ఎక్కువ? ఏడాది నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 1.3 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1997లో హద్దు పెట్టింది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు 2.2. రెండున్నరేళ్ల పాపను తీసుకుందాం. తాగేవి, అన్నంలోకి, పప్పులోకి ఇంకేవి కలిపి రోజుకు లీటరు నీళ్లు అనుకుందాం. లీటరుకు అర మిల్లీగ్రాము ఉన్న నీళ్లయితే అర మిల్లీగ్రాము చేరుతుంది. లీటరుకు 2 ఉన్న బోరు నీళ్లయితే పేస్టు ముట్టకముందే హద్దు దాటిపోయింది.

ఇప్పుడు పేస్టు. 1000 పీపీఎం అంటే ఒక గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్. ప్రకటనల్లో చూపించేలా బ్రష్ నిండా వంపు తిప్పి పెడితే సుమారు గ్రాము పడుతుంది. ఆ వయసు పిల్లలకు ఉమ్మడం రాదు, చాలావరకు మింగేస్తారు. పూర్తిగా మింగితే రెండు పూటలా కలిపి 2 మిల్లీగ్రాములు. మంచి నీళ్లు తాగే ఇంట్లో కూడా పేస్టు ఒక్కటే హద్దు దాటించగలదన్నమాట. అదే బియ్యపు గింజంత, అంటే గ్రాములో పదో వంతు పెడితే రెండు పూటలకు 0.2 మిల్లీగ్రాములే. పుచ్చు రాకుండా ఆ కాస్త చాలు. మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. పండ్ల రుచి పేస్టులు పిల్లలు ఇష్టంగా మింగుతారు, అందుకే ట్యూబు పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి.

పంటి మీద తెల్ల మచ్చ కనిపించగానే ఫ్లోరోసిస్ అనుకోనక్కర్లేదు. ఫ్లోరోసిస్ చారలు అడ్డంగా, సుద్ద గీసినట్టు ఉండి, కుడివైపు పన్నుకీ ఎడమవైపు జత పన్నుకీ ఒకేలా కనిపిస్తాయి. పాచి పట్టే చిగురు అంచున ఒకే పంటి మీద మచ్చ ఉంటే అది పుచ్చుకు మొదలు కావచ్చు. స్వల్పమైన తెల్ల చారలు చూడ్డానికే తేడా, పన్నుకు పెద్ద నష్టం లేదు. తీవ్రమైతే గుంటలు పడి, పెళుసెక్కి, గోధుమరంగు తేలుతుంది. రంగు తగ్గించడానికి పైపొరను పలచగా అరగదీయడం, పైన కప్పు వేయడం దంతవైద్యులు చేస్తారు.

ఎనిమిదేళ్లు దాటాక దాదాపు అన్ని పళ్ల ఎనామిల్ తయారైపోతుంది, గార భయం ఇక లేదు. కానీ నీళ్లలో ఫ్లోరైడ్ మరీ ఎక్కువైతే ఏళ్ల తరబడి ఎముకల్లో చేరుతుంది, అది వేరే ముప్పు.

మన ప్రమాణం ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, మరో వనరు లేకపోతేనే 1.5 దాకా ఒప్పుకుంటారు. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు సరికదా, ఆవిరయ్యే కొద్దీ చిక్కనవుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరూ ఆపలేదు. ఆర్వో, యాక్టివేటెడ్ అల్యూమినా తగ్గిస్తాయి. నల్లగొండ పేరుతోనే ఉన్న పద్ధతిలో పటిక, సున్నం కలిపి తేర్చుతారు, అయితే మోతాదు తెలిసినవాళ్లే చేయాలి.

బోరు నీళ్లు తాగే ఇంట్లో ఆరేళ్లలోపు పిల్లలుంటే మొదట మార్చాల్సింది నీళ్లు, తర్వాతే పేస్టు. ఏ పేస్టు వాడాలో దంతవైద్యుడిని అడిగేటప్పుడు నీటి పరీక్ష ఫలితం తీసుకెళ్లండి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో ఆ పరీక్ష చేయించుకోవచ్చు.